చింతకు ఒక్కటే, మర్రికి ఎనిమిది వందలు

చెరువు గట్టున చింతచెట్టు, గుడి ముందు రావిచెట్టు. తెలుగు ఊళ్లలో ఈ రెండూ లేని చోటు అరుదు. వృక్షశాస్త్రం లెక్కలోకి వచ్చేసరికి మాత్రం రెండింటికీ పొంతనే కుదరదు. చింత ‘టామరిండస్’ అనే ప్రజాతికి చెందినది. ప్రపంచం మొత్తం గాలించినా ఆ ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే. రావిది ‘ఫైకస్’ ప్రజాతి. మర్రి, మేడి, జువ్వి, అంజూర అన్నీ ఇందులోవే. ఇలాంటి జాతులు ఫైకస్‌లో 800కు పైగా ఉన్నాయి. వేప ప్రజాతిలో ఉన్నవి రెండే, ఒకటి మన వేప, రెండోది ఆగ్నేయాసియాలో పెరిగే దాని తోబుట్టువు.

ఈ తేడా చూడగానే ఎవరికైనా ఒక ప్రశ్న తడుతుంది. మర్రి వంశానికి అంత కలిసొచ్చిన గుణం ఏమిటి? చింత వంశానికి ఏం తక్కువైంది? జవాబులు వెతికితే దొరుకుతాయి కూడా. ఫైకస్ పూలలో పరాగసంపర్కం జరిపే ప్రత్యేకమైన కందిరీగల గురించి గ్రంథాలే ఉన్నాయి. కానీ కారణం వెతకడానికి ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. అన్ని వంశాలూ ఒకే గుణంతో, ఒకే నియమంతో మొదలైనా, కేవలం యాదృచ్ఛికత వల్ల వాటి మధ్య ఎంత తేడా రాగలదు? దీనికి లెక్క కట్టి చూపినవాడు బ్రిటన్‌కు చెందిన గణాంకవేత్త జార్జ్ ఉడ్నీ యూల్.

ఆ లెక్కకు దారి తీసిన సమాచారం చాలావరకు సింహళం నుంచి వచ్చింది. జాన్ క్రిస్టఫర్ విల్లిస్ అనే వృక్షశాస్త్రవేత్త 1896 నుంచి 1912 దాకా కాండీ దగ్గరి పెరదెనియ ఉద్యానవనానికి డైరెక్టరుగా పనిచేశాడు. ఆ దీవి మొక్కల జాబితాలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఏ ప్రజాతిలో ఎన్ని జాతులున్నాయో గీత గీసి చూస్తే, ఏ కుటుంబం తీసుకున్నా అదే ఆకారం వచ్చేది. ఒకే జాతి ఉన్న ప్రజాతులు అన్నిటికంటే ఎక్కువ, రెండు జాతులున్నవి అంతకంటే తక్కువ, మూడున్నవి ఇంకా తక్కువ. గీత మొదట నిట్టనిలువుగా పడిపోయి, చివర సన్నని తోకలా చాలా దూరం సాగుతుంది. ఆ తోక కొసన ఫైకస్‌లాంటి వందల జాతుల ప్రజాతులుంటాయి.

మొక్కల్లోనే కాదు, పాముల్లోనూ పురుగుల్లోనూ ఇదే ఆకారం. విల్లిస్, యూల్ కలిసి 1922లో ప్రకటించిన లెక్కల్లో 293 పాము ప్రజాతులుంటే, వాటిలో 131 ఒంటరి జాతివే. ఆకుల్ని తినే పెంకుపురుగుల కుటుంబం ఒకదానిలో 627 ప్రజాతులు, 9,997 జాతులు. సగటున ప్రజాతికి 16 జాతులన్నమాట. అయినా 215 ప్రజాతుల్లో ఉన్నది ఒక్కో జాతే. పాములకూ పెంకుపురుగులకూ సింహళపు చెట్లకూ బతుకులో ఏ పోలికా లేదు. అన్నిటికీ ఒకే ఆకారం వస్తున్నదంటే, దాని మూలం ఏ ఒక్క ప్రాణి గుణంలోనో కాక, జాతులు పెరిగే తీరులోనే ఉండాలి. యూల్ 1925లో రాయల్ సొసైటీ ప్రచురించిన తన సుదీర్ఘ వ్యాసంలో పట్టుకున్నది ఆ తీరునే.

ఆయన పెట్టుకున్న నియమం చాలా చిన్నది. ప్రజాతి ఒక్క జాతితో మొదలవుతుంది. ఆ జాతి ఎప్పుడో ఒకప్పుడు చీలి రెండవుతుంది. ఆ రెండూ దేని దారి అది చూసుకుని, తమ తమ సమయాల్లో చీలతాయి. చావు లేదు, పుట్టుకే. ఏ జాతికైనా ఫలానా కాలంలో చీలే అవకాశం ఒక్కటే, అది ఎంత పాతదన్నదానితో సంబంధం లేదు. నిన్న పుట్టిన జాతికైనా, కోటి ఏళ్లుగా చీలకుండా ఉన్న జాతికైనా రాబోయే లక్ష ఏళ్లలో చీలే అవకాశం సమానమే. ఈ షరతుకు లొంగి నడిచే నిరీక్షణ కాలాన్నే గణితంలో ఎక్స్‌పొనెన్షియల్ సమయం అంటారు. (ఇదే రకం గణితాన్ని 1914లోనే, హిమాలయాల్లోని కసౌలీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఆండర్సన్ మెకెండ్రిక్ అనే వైద్యుడు చేపట్టాడు. పేరు మాత్రం యూల్‌కు దక్కింది. ఈ క్రమాన్ని నేడు యూల్ ప్రక్రియ అనే పిలుస్తారు.)

లెక్క తేలిక కోసం, ఒక జాతి చీలడానికి సగటున కోటి ఏళ్లు పడుతుందనుకుందాం. సగటు కోటి అంటే అన్నీ కోటి ఏళ్లకే చీలతాయని కాదు. కోటి ఏళ్లు గడిచాక కూడా చీలని జాతులు వందకు 37 ఉంటాయి. రెండు కోట్ల ఏళ్ల తర్వాత కూడా వందకు 13 పైచిలుకు మిగులుతాయి. మరోవైపు పుట్టిన కొద్ది లక్షల ఏళ్లకే చీలిపోయేవీ ఉంటాయి. ఒక్క జాతి ఉన్నప్పుడు తర్వాతి చీలికకు సగటున కోటి ఏళ్లు ఆగాలి. రెండు జాతులుంటే రెండింటిలో ఏది చీలినా సరే కాబట్టి నిరీక్షణ 50 లక్షల ఏళ్లకు తగ్గుతుంది. నాలుగుంటే 25 లక్షలు. వంద ఉంటే లక్ష ఏళ్లే. జనాభా పెరిగేకొద్దీ చీలికలు వరుసపెట్టి వస్తుంటాయి.

ఇలా సాగితే కొంతకాలానికి ప్రజాతిలో ఎన్ని జాతులుంటాయి? సమీకరణాలు పేర్చి సాధించవచ్చు గానీ, అంతకంటే చక్కని దారి మరొకటి ఉంది. ఒక ప్రజాతి ఎనిమిది జాతులకు చేరాలంటే ఏడు చీలికలు జరగాలి. మొదటిదానికి ఒక్క జాతి మీద, రెండోదానికి రెండు జాతుల మీద, చివరిదానికి ఏడు జాతుల మీద ఆశ పెట్టుకుని ఎదురుచూడాలి.

ఇప్పుడు ఒక గదిలో ఏడు బల్బులు ఒకేసారి వెలిగించామనుకోండి. బల్బు మాడిపోవడానికీ జాతి చీలడానికీ నియమం ఒక్కటే అనుకుందాం, ఎప్పుడు మాడుతుందన్నది బల్బు వయసును బట్టి ఉండదు. మొదటి బల్బు మాడే దాకా ఏడు బల్బుల మీద నిరీక్షణ. రెండోదానికి ఆరు బల్బుల మీద. అలా తగ్గుతూ చివరికి ఒక్క బల్బు మిగులుతుంది. అంటే జాతుల కథలో వచ్చిన ఏడు నిరీక్షణలే ఇక్కడా వస్తున్నాయి, వరుస మాత్రం తిరగబడింది. కూడికలో వరుస మారితే మొత్తం మారదు. కాబట్టి ‘ఎనిమిది జాతులకు చేరడానికి పట్టే కాలం’, ‘ఏడు బల్బుల్లో ఆఖరిది మాడే కాలం’ ఒకే సంభావ్యతా నియమానికి లోబడతాయి.

బల్బుల లెక్క చాలా సులువు. ఒక బల్బు ఫలానా గడువులోగా మాడిపోయే అవకాశం 7/8 అనుకుంటే, ఏడూ మాడిపోయే అవకాశం 7/8ని ఏడుసార్లు గుణిస్తే వస్తుంది. అంటే ఆ గడువుకు ప్రజాతిలో కనీసం ఎనిమిది జాతులుండే అవకాశం అదే. తొమ్మిదికి ఎనిమిదిసార్లు, పదికి తొమ్మిదిసార్లు గుణించాలి. ఒక్కో జాతి పెరిగినప్పుడల్లా అవకాశం అదే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది. పదో తరగతిలో చదివిన గుణశ్రేఢే ఇది. అందుకే ఈ విభాజనానికి జ్యామెట్రిక్ అని పేరు. చీలిక రేటు λ, గడిచిన కాలం t అయితే, సరిగ్గా n జాతులుండే సంభావ్యత ఇది:

P(N = n) = e^(−λt) · (1 − e^(−λt))^(n−1)

దీని సగటు e^(λt). చక్రవడ్డీలా ఎక్కే మామూలు జనాభా సూత్రం చెప్పే సంఖ్యా అదే. ఆ సూత్రం అక్కడితో ఆగిపోతుంది. సగటు చుట్టూ ఏం జరుగుతున్నదో చెప్పేది మాత్రం ఈ గుణశ్రేఢే.

అంకెలు వేసి చూద్దాం. ఒక్కో జాతితో ఒకేసారి మొదలైన వెయ్యి ప్రజాతుల్ని తీసుకుందాం. సగటు ఎనిమిదికి చేరడానికి మన లెక్కన 2.08 కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ క్షణాన తలుపు తీసి చూస్తే, ఇప్పటికీ ఒకే జాతితో ఉన్న ప్రజాతులు 125 కనిపిస్తాయి. రెండు జాతులున్నవి 109, మూడున్నవి 96, నాలుగున్నవి 84. సరిగ్గా సగటంత, అంటే ఎనిమిది జాతులున్నవి వెతికితే దొరికేది 49. ఎనిమిదికి మించినవి 344. ఇరవై నాలుగు దాటినవి కూడా 41 ఉంటాయి. సగటు ఎనిమిదైనా, అన్నిటికంటే తరచుగా కనిపించే సంఖ్య ఒకటి. సగటు ఎనభైకి పెరిగినా, ఎనిమిది వందలకు పెరిగినా ఈ మాట మారదు. ఒంటరి ప్రజాతుల వాటా తగ్గుతుంది గానీ, విడివిడిగా ఏ సంఖ్యను తీసుకున్నా ఒకటిని మించి రాదు.

ఈ వెయ్యిలో మంచిదీ చెడ్డదీ ఏదీ లేదు. అన్నిటికీ ఒకే నియమం. 24 దాటిన 41 ప్రజాతుల్ని పక్కకు తీసి వాటి గొప్పతనానికి కారణాలు రాస్తే, ఆ రాతంతా వృథా.

ఇంత తేడా ఎక్కడ పుడుతుందో కూడా లెక్క చెబుతుంది. మొదటి రెండు మూడు చీలికల్లోనే. ఒక్క జాతి ఉన్నప్పుడు దాని నిరీక్షణ కోటి ఏళ్లు అటూ ఇటూ అయితే, ఆ వంశం మొత్తం అంత వెనకబడుతుంది, లేదా అంత ముందుకు వెళుతుంది. అదే జాతుల సంఖ్య వందకు చేరాక ఒక్కొక్కటి ఆలస్యం చేసినా, తొందరపడినా అవి ఒకదానికొకటి సర్దుకుపోతాయి. ఒక్క జాతితో మొదలైన వంశంలో సగటు నుంచి విచలనం దాదాపు సగటంత ఉంటుంది. వంద జాతులతో మొదలుపెడితే ఎంతకాలం గడిచినా ఆ విచలనం సగటులో పదో వంతే. తొలి చీలికల్లో కలిసొచ్చిన వంశం ఆ ఆధిక్యాన్ని చివరి దాకా నిలుపుకుంటుంది, వెనకబడినది సామాన్యంగా తేరుకోదు.

బాక్టీరియాకు కూడా ఈ సూత్రాన్నే వాడేయవచ్చని తోస్తుంది. అక్కడ జాగ్రత్తగా ఉండాలి. మంచి పోషకాలు దొరికితే ఇ.కోలై కణం 20 నిమిషాలకు ఒకసారి చీలుతుంది. అన్నీ కచ్చితంగా 20 నిమిషాలకే చీలితే, ఒక కణం గంటలో ఎనిమిదవుతుంది. చీలే సమయం సగటున 20 నిమిషాలే ఉండి, ఎక్స్‌పొనెన్షియల్ నియమం పాటిస్తే మాత్రం గంటకు సగటు ఎనిమిది కాదు, e³, అంటే దాదాపు ఇరవై. సగటు నిరీక్షణలో మార్పేమీ లేదు. కానీ ముందుగా చీలినవాటి సంతానానికి మళ్లీ చీలడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది, ఆలస్యమైనవాటి వల్ల పోయేదానికంటే వీటివల్ల వచ్చేదే ఎక్కువ. పైగా ఆ నియమం ప్రకారం వందకు ఐదు గిన్నెల్లో గంట తర్వాత కూడా ఒక్క కణమే ఉండాలి.

నిజంగా సూక్ష్మదర్శినిలో చూస్తే అలా జరగదు. కణం చీలాలంటే ముందు పెరగాలి, తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. పుట్టిన రెండో నిమిషంలో చీలిపోవడం దానివల్ల కాదు. వయసుతో సంబంధం లేదన్న షరతు ఇక్కడ చెల్లదు. ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త డేవిడ్ కెండల్ 1948లో దీనికి మార్గం చూపాడు. చీలికను ఒక్క అడుగుగా కాక, ఒకదాని తర్వాత ఒకటి వచ్చే అనేక దశలుగా భావిస్తే, నిరీక్షణ కాలాలు సగటుకు దగ్గరగా చేరతాయి, గిన్నెకూ గిన్నెకూ తేడా తగ్గుతుంది. అందుకే వేర్వేరు గిన్నెల్లో కణాలు లెక్కపెట్టినప్పుడు విచలనం సగటుకు బాగా తక్కువగా వస్తే, అక్కడ నడుస్తున్నది యూల్ ప్రక్రియ కాదని పోల్చుకోవచ్చు.

జాతుల విషయంలో చిక్కు మరో వైపు నుంచి వస్తుంది. పెంకుపురుగుల్లో ప్రజాతికి సగటు 16 జాతులు కదా. జ్యామెట్రిక్ విభాజనమే నిజమైతే ఒంటరి ప్రజాతులు పదహారో వంతు, అంటే 627లో 39 ఉండాలి. ఉన్నవి 215. ఇది చిన్న తేడా కాదు. యూల్ దీనికి చెప్పిన సమాధానం ఆ వ్యాసంలో అన్నిటికంటే నచ్చే భాగం. ప్రజాతులన్నీ ఒకేసారి పుట్టలేదు. జాతులు చీలి జాతులు పుట్టినట్టే, ప్రజాతుల నుంచి కొత్త ప్రజాతులు కూడా అదే క్రమంలో పుడుతుంటాయి. అలా పెరిగే గుంపులో ఏ క్షణంలో చూసినా ముసలివి తక్కువ, పసివి ఎక్కువ. పసి ప్రజాతులకు చీలడానికి వ్యవధే దొరకలేదు కాబట్టి వాటిలో ఒక్కో జాతే ఉంటుంది. ఒక్కో వయసుకు ఒక్కో గుణశ్రేఢి చొప్పున అన్నిటినీ కలిపితే వచ్చేది వేరే ఆకారం.

ప్రజాతుల పుట్టుక రేటు, జాతుల చీలిక రేటు సమానమనుకుంటే, కాలం చాలినంత గడిచాక ఆ ఆకారం చూడముచ్చటగా తేలుతుంది. ఒక జాతి ఉన్న ప్రజాతులు మొత్తంలో 1/2, రెండున్నవి 1/6, మూడున్నవి 1/12, నాలుగున్నవి 1/20. పాముల్లో 293కు 131 ఒంటరివంటే నూటికి 45, సగానికి కొంచెం తక్కువ. తోక కూడా బాగా సాగుతుంది. ఈ కొత్త లెక్కలో వంద జాతులు దాటే ప్రజాతి దాదాపు వందలో ఒకటి. అదే సగటు ఎనిమిది ఉన్న ఒంటి గుణశ్రేఢిలో వంద దాటేవి పది లక్షల్లో ఒకటో రెండో. ఫైకస్‌లాంటి మహా ప్రజాతులకు చోటు దొరికింది ఇక్కడే. రెండు రకాల్నీ గ్రాఫు కాగితం మీద గుర్తుపట్టడం తేలిక. నిలువు గీతను లాగరిథమ్‌లో వేస్తే చాలు, గుణశ్రేఢి సరళరేఖగా మారుతుంది. యూల్ ఆకారం సరళరేఖకు దగ్గరపడాలంటే నిలువునూ అడ్డాన్నీ రెండింటినీ లాగరిథమ్‌లో వేయాలి. విల్లిస్ లెక్కలు రెండో రకం కాగితం మీదే దాదాపు తిన్నగా వచ్చాయి.

చింతకూ మర్రికీ మధ్య తేడాను వయసుతోనో, యాదృచ్ఛికతతోనో పూర్తిగా వివరించవచ్చని ఇంతటితో చెప్పలేం. వాటి ప్రజాతుల వయసు ఒకటి కాదు. వయసు సమానమైన రెండు కొమ్మల్ని పోల్చగలిగితే పరీక్ష గట్టిగా ఉంటుంది. ఒకే జాతి చీలి పుట్టిన రెండు తోబుట్టు కొమ్మలు అలాంటివి. ఒకే క్షణాన మొదలయ్యాయి కాబట్టి రెండింటికీ గుణశ్రేఢి ఒక్కటే. ఆ రెండింటిలో కలిపి పది జాతులున్నాయనుకుందాం. 1–9గా పంచుకునే సంభావ్యతను, 5–5గా పంచుకునే సంభావ్యతను పై సూత్రంతో గుణించి చూస్తే రెండూ సమానమే వస్తాయి. ఎందుకంటే గుణకారంలో ఘాతాలు కూడుకుంటాయి, వాటి మొత్తం పంపకాన్ని బట్టి మారదు. 1–9, 2–8, 3–7... 9–1 దాకా తొమ్మిది పంపకాలకూ ఒకే అవకాశం.

సమానంగా పంచుకోవడమే సహజమని అనుకునేవారికి ఇది మింగుడుపడదు. ఒక కొమ్మలో ఒక్కటే ఉండి, రెండో కొమ్మలో తొమ్మిది ఉండే అవకాశం, ఏ కొమ్మ అన్నది పట్టించుకోకపోతే, తొమ్మిదిలో రెండు. అంత వికటమైన పంపకానికి కూడా కారణమేమీ అక్కర్లేదన్నమాట. స్లోవిన్‌స్కీ, గయర్ అనే జీవశాస్త్రవేత్తలు 1989లో దీన్నే ఒక పరీక్షగా మలిచారు. మొత్తం n జాతుల్లో చిన్న కొమ్మకు r గానీ అంతకంటే తక్కువ గానీ దక్కే అవకాశం 2r/(n−1). ఇది చాలా చిన్నదిగా వచ్చినప్పుడే కారణం కోసం వెతకాలి.

న్యూజిలాండ్‌లో తువతారా అనే బల్లిలాంటి సరీసృపం ఉంది. దాని కొమ్మలో నేడు బతికున్న జాతి అదొక్కటే. దాని తోబుట్టు కొమ్మలో ప్రపంచంలోని బల్లులు, తొండలు, ఉడుములు, పాములు అన్నీ ఉన్నాయి, 11 వేలకు పైగా జాతులు. పరీక్షలో వేస్తే వచ్చే అవకాశం దాదాపు 5,500లో ఒకటి. ఇక్కడ యాదృచ్ఛికత అనే జవాబు నిలవదు. శిలాజాలు చూస్తే కారణం కనిపిస్తుంది. డైనోసార్ల కాలంలో తువతారా బంధువులు అనేక జాతులుగా, భూమి మీద చాలాచోట్ల బతికాయి. కొన్ని నీళ్లలో కూడా ఉండేవి. తర్వాత ఒక్కటి తప్ప అన్నీ అంతరించాయి. యూల్ నియమంలో చావుకు చోటు లేదు, పుట్టుకలే ఉన్నాయి. తువతారా దగ్గర లెక్క తప్పింది సరిగ్గా ఆ లోటు వల్లే. పుట్టుకలతో పాటు చావుల్ని కూడా కలిపే సూత్రాన్ని కెండల్ అదే 1948లో ప్రకటించాడు. బతికున్న జాతుల డీఎన్ఏ నుంచి వంశవృక్షాలు గీసే నేటి పరిశోధకులు ఈ రెండు నమూనాల్నీ పక్కపక్కన పెట్టి, తమ వృక్షానికి ఏది సరిపోతుందో చూస్తున్నారు.